ఏడాది పోలికా, త్రైమాసిక పోలికా? ఫలితాల సీజన్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

### ఒకే కంపెనీ, ఒకే ఫలితం. ఒక వార్తలో ఆదాయం పెరిగిందని, ఇంకో వార్తలో తగ్గిందని రాశారు. ఎవరిది తప్పు?

చాలాసార్లు ఎవరిదీ తప్పు కాదు. ఎన్‌విడియా కంపెనీ 2023 ఏప్రిల్‌తో ముగిసిన త్రైమాసికాన్నే చూడండి. ఆ మూడు నెలల ఆదాయం 7.19 బిలియన్ డాలర్లు. అంతకు ఏడాది ముందు, అంటే 2022 ఏప్రిల్‌తో ముగిసిన త్రైమాసికంలో 8.29 బిలియన్లు. దాంతో పోలిస్తే 13 శాతం తగ్గింది. సరిగ్గా ముందటి త్రైమాసికంలో, అంటే 2023 జనవరితో ముగిసిన మూడు నెలల్లో, 6.05 బిలియన్లు. దాంతో పోలిస్తే 19 శాతం పెరిగింది.

రెండు వాక్యాలూ నిజమే, కానీ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఏడాది పోలిక, అంటే తెర మీద YoY అని కనిపించేది, పోయినేడు ఇదే సమయంలో ఎక్కడున్నాం, ఇప్పుడు ఎక్కడున్నాం అని అడుగుతుంది. QoQ అని కనిపించే త్రైమాసిక పోలిక మొన్నటి నుంచి ఇవాళ్టికి ఎటు కదిలాం అని అడుగుతుంది. ఎన్‌విడియా విషయంలో అప్పుడు పనికొచ్చింది రెండో ప్రశ్నే. 2022లో పడిపోయిన అమ్మకాలు అప్పటికే మలుపు తిరిగాయి. ఏడాది పోలిక మాత్రం ఇంకా పడుతున్నట్టే చూపిస్తోంది. తర్వాతి త్రైమాసికంలో ఆదాయం ఒక్కసారిగా 13.51 బిలియన్లకు చేరింది.

### ఈ రెండు శాతాలకూ లెక్కలో సంబంధం ఉందా?

ఉంది. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే గుర్తుపెట్టుకోమంటాను. వరుసగా నాలుగు త్రైమాసికాల మార్పులను గుణిస్తే వచ్చేదే ఏడాది పోలిక. పోయినేడు ఇదే త్రైమాసికం నుంచి ఇప్పటి త్రైమాసికానికి నాలుగు మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు ఒక్కో త్రైమాసిక పోలిక.

2024 ఏప్రిల్‌తో ముగిసిన త్రైమాసికంలో ఎన్‌విడియా ఆదాయం 26.04 బిలియన్ డాలర్లు. ఏడాది క్రితం 7.19. అంటే 262 శాతం పెరుగుదల. ఆ నాలుగు మెట్లు వరుసగా 88, 34, 22, 18 శాతం. వాటిని గుణిస్తే:

```
1.88 × 1.34 × 1.22 × 1.18 ≈ 3.63
```

ఈ 3.63 రెట్లలోంచి మొదట ఉన్న ఒక రెట్టును తీసేస్తే మిగిలే పెరుగుదలే ఆ 262 శాతం. చిన్న తేడా ఏమైనా కనిపిస్తే అది మెట్లను దగ్గరి పూర్ణ శాతానికి సరిచేసి రాయడం వల్ల వచ్చిందే.

ఇప్పుడు ఆ నాలుగు అంకెల్లో మొదటిదాన్ని చూడండి. 262 శాతంలో అతి పెద్ద భాగం 88 శాతం మెట్టుది. ఆ మెట్టు ఎక్కింది 2023 మే, జూన్, జూలైలలో. అంటే 2024 మేలో వచ్చిన ఫలితాన్ని చూసి కంపెనీ ఇప్పుడు ఇంత వేగంగా పెరుగుతోందని ఎవరైనా అంటే, వారు చెబుతున్నది చాలావరకు పది నుంచి పన్నెండు నెలల కిందటి కబురు. కొత్త కబురు ఆ 18 శాతం ఒక్కటే.

### ఏడాది వృద్ధి రేటు సగానికి పడిపోయింది. కంపెనీ చల్లబడినట్టేనా?

అదే లెక్కను ఇంకో త్రైమాసికం ముందుకు జరిపితే జవాబు దొరుకుతుంది. 2024 జూలైతో ముగిసిన త్రైమాసికంలో ఎన్‌విడియా ఆదాయం 30.04 బిలియన్లు. ఏడాది పోలికలో 122 శాతం పెరుగుదల. ముందటి త్రైమాసికంలో 262 శాతం, ఇప్పుడు 122. శీర్షికలు మాత్రమే చూసేవారికి వేగం సగం కంటే తక్కువకు పడినట్టే అనిపిస్తుంది.

జరిగిందేమిటంటే, పాత 88 శాతం మెట్టు లెక్కలోంచి బయటికి వెళ్లింది, కొత్తగా 15 శాతం మెట్టు లోపలికి వచ్చింది. మధ్యలో ఉన్న మూడు మెట్లూ అవే. ప్రతి త్రైమాసికంలోనూ ఏడాది రేటు మారేది ఇలాగే, ఒకటి వెళుతుంది, ఒకటి వస్తుంది. వెళ్లేది పెద్దదైతే, వచ్చేది ఎంత బాగున్నా రేటు పడుతుంది. డాలర్లలో చూస్తే, ఏప్రిల్‌తో ముగిసిన త్రైమాసికంలో ఆదాయానికి కొత్తగా చేరింది 3.9 బిలియన్లు. జూలైతో ముగిసినదాంట్లో చేరింది 4 బిలియన్లు. 262 నుంచి 122కి పడిన కంపెనీ నిజానికి ముందటికంటే కొంచెం ఎక్కువే చేర్చింది.

అలాగని వేగం తగ్గనే లేదని నేను అనడం లేదు. త్రైమాసిక శాతాలు 88, 34, 22, 18, 15 అంటూ దిగుతూనే వచ్చాయి. ఆ తగ్గుదల 2023 నవంబర్‌లో వచ్చిన ఫలితాల్లోనే కనిపించింది. విచిత్రమేమిటంటే, అదే కాలంలో ఏడాది రేటు 101, 206, 265 అంటూ ఎగబాకింది. అడుగు చిన్నదవుతున్నప్పుడు ఏడాది పోలిక పరుగు పెరుగుతున్నట్టు చూపించింది. అడుగు నిలకడకు వచ్చాక పరుగు ఆగినట్టు చూపించింది. మలుపు దగ్గర ఏడాది పోలికను నమ్ముకుంటే రెండుసార్లూ ఆలస్యంగానే తెలుస్తుంది. రేటు పడిందన్న వార్త చదివినప్పుడు, ఏ మెట్టు వెళ్లింది, ఏ మెట్టు వచ్చింది అని ముందుగా చూడాలి.

### అయితే త్రైమాసిక పోలిక ఒక్కటే చూస్తే పోదా?

పోదు. దానికి ఏ నెలలు నడుస్తున్నాయో తెలియదు. ఆపిల్ కంపెనీ 2024 మార్చితో ముగిసిన త్రైమాసికంలో 90.8 బిలియన్ డాలర్ల ఆదాయం చూపింది. డిసెంబర్‌తో ముగిసిన అంతకుముందు త్రైమాసికంలో 119.6 బిలియన్లు. మూడు నెలల్లో 24 శాతం పతనం. ఈ అంకె ఒక్కటే చూస్తే కంపెనీ కూలిపోతోందనిపిస్తుంది. కానీ ఇది ఆపిల్‌కు ఏటా జరిగేదే. కొత్త ఫోన్లు సాధారణంగా సెప్టెంబర్‌లో వస్తాయి, ఏడాది చివర బహుమతుల కొనుగోళ్లు తోడవుతాయి. ఆ తర్వాత అమ్మకాలు దిగుతాయి. ఇలా ఏటా ఒకే నెలల్లో వచ్చే ఎక్కువ, తక్కువలనే ఇక్కడ సీజన్ అంటున్నాను.

అలాగని త్రైమాసిక అంకెను పక్కన పారేయక్కర్లేదు. ఈ ఏటి మెట్టును గత ఏళ్లలోని అదే మెట్టుతో పోల్చాలి. ఆపిల్ డిసెంబర్ నుంచి మార్చికి దిగిన మెట్లు ఇవి: 2022లో 21.5 శాతం, 2023లో 19.1 శాతం, 2024లో 24.1 శాతం, 2025లో 23.3 శాతం. ఇలా వరుసగా పెట్టగానే చూపు మారుతుంది. ఇరవై నాలుగు శాతం పతనం భయపెట్టడం మానేస్తుంది. దాని బదులు 2023లో దిగుదల అంత తక్కువగా ఎందుకుందన్న ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు కింద వస్తుంది, అక్కడే అసలు కథ ఉంది.

### ఒక కంపెనీకి సీజన్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కనీసం మూడేళ్ల త్రైమాసిక ఆదాయాలను ఒక కాగితం మీద రాయండి. ఏడాదికి ఒక వరుస, త్రైమాసికానికి ఒక నిలువు గడి. ప్రతి ఏడూ ఒకే గడిలో పెద్ద అంకె, ఒకే గడిలో చిన్న అంకె పడుతుంటే సీజన్ ఉన్నట్టే. ఎక్కువ, తక్కువలు ఏటా చోటు మారుతుంటే సీజన్ బలంగా లేనట్టు. అలాంటి కంపెనీకి త్రైమాసిక పోలికను కాస్త ధైర్యంగా వాడుకోవచ్చు. నెలనెలా చందా తీసుకుని నడిచే సాఫ్ట్‌వేర్ వ్యాపారాలు చాలావరకు ఇలాంటివే.

కొత్తగా మార్కెట్‌కి వచ్చిన కంపెనీకి మూడేళ్ల అంకెలు దొరక్కపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. వేగంగా పెరిగే కంపెనీలో సీజన్ దాక్కుంటుంది. ప్రతి త్రైమాసికం ముందటిదానికంటే పెద్దగానే ఉంటుంది కాబట్టి దిగుదల కంటికి కనబడదు. వృద్ధి నెమ్మదించిన ఏడాది అది మొదటిసారి బయటపడుతుంది, అప్పుడు దాన్ని అందరూ పతనం అనుకుంటారు.

### ఏడాది పోలిక సీజన్‌ను పూర్తిగా తీసేస్తుంది కదా?

సీజన్ ఏటా ఒకే త్రైమాసికంలో పడితేనే తీసేస్తుంది. చోటు మారితే ఏడాది పోలికే దారి తప్పిస్తుంది.

2020లో ఆపిల్ కొత్త ఐఫోన్‌ను సెప్టెంబర్‌లో కాకుండా అక్టోబర్‌లో అమ్మకానికి తెచ్చింది. కొన్ని వారాలే తేడా. కానీ ఆ వారాలు త్రైమాసికం గీత దాటాయి. సెప్టెంబర్‌తో ముగిసిన త్రైమాసికంలో ఐఫోన్ ఆదాయం ఏడాది పోలికలో సుమారు 21 శాతం తగ్గింది, తర్వాతి త్రైమాసికంలో 17 శాతం పెరిగింది. మొదటి అంకె చూసి గిరాకీ పోయిందనుకున్నవారూ, రెండోది చూసి అంతా కొత్త గిరాకీయే అనుకున్నవారూ ఒకే పొరపాటు చేశారు. అమ్మకాల్లో కొంత భాగం ఒక గడిలోంచి పక్క గడిలోకి జరిగింది.

తేదీ మారే పండుగలతోనూ ఇదే గొడవ. ఈస్టర్ ఒక ఏడు మార్చిలో, ఇంకో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. ఆ గీతకు రెండు పక్కలా వేర్వేరు త్రైమాసికాలుంటే, మార్చి త్రైమాసికం ఒక ఏడాది ఉబ్బుతుంది, మరుసటి ఏడాది సన్నబడుతుంది. దీనికి విరుగుడు తేలిక. గీతకు రెండు వైపులా ఉన్న త్రైమాసికాలను కలిపి, పోయినేటి అదే రెండింటి మొత్తంతో పోల్చితే పక్క త్రైమాసికంలోకి జరిగిపోయిన అమ్మకం తిరిగి లెక్కలో కలుస్తుంది.

### రెండు త్రైమాసికాల్లోనూ రోజులు సమానమేనా?

అన్నిసార్లూ కాదు. లీపు సంవత్సరంలో మార్చి త్రైమాసికానికి ఒక రోజు ఎక్కువ. 2024లో 91 రోజులు, 2023లో 90. తొంభైలో ఒకటంటే ఒక శాతానికి పైనే. ఏడాదికి రెండు శాతం పెరిగే వ్యాపారానికి అది చిన్న తేడా కాదు.

వారాల లెక్కన త్రైమాసికాన్ని ముగించే కంపెనీల్లో తేడా ఇంకా పెద్దది. ఏడాదికి 52 వారాలు లెక్కిస్తే 364 రోజులే అవుతాయి. మిగిలిన రోజులు పోగుపడి, అయిదారేళ్లకోసారి 53 వారాల ఏడాది వస్తుంది. అంటే ఒక త్రైమాసికంలో 13 బదులు 14 వారాలు. ఆపిల్‌కు 2022 డిసెంబర్ 31తో ముగిసిన త్రైమాసికం అలాంటిదే. మరుసటి ఏడు అదే త్రైమాసికంలో 13 వారాలే. అప్పుడు కంపెనీ ప్రకటించిన వృద్ధి 2 శాతం, 117.2 నుంచి 119.6 బిలియన్లకు. వారానికి ఎంత అని భాగిస్తే 8.37 నుంచి 9.20కి, అంటే సుమారు 10 శాతం. పద్నాలుగో వారం మిగతా వాటితో సమానంగా అమ్మిందని ఇక్కడ అనుకుంటున్నాం, కాబట్టి ఇది అంచనా మాత్రమే. అయినా రెండుకీ పదికీ మధ్య ఎంత దూరమో చూడండి.

అయితే ఆ పది శాతాన్నీ అలాగే నమ్మకూడదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

### బేస్ ఎఫెక్ట్ అంటారు. అది ఎక్కడ దాక్కుంటుందో ఒక ఉదాహరణతో చూపగలరా?

మనం పోల్చి చూసే పాత అంకెను బేస్ అంటారు. అది మామూలుగా లేకపోతే శాతం దారి తప్పిస్తుంది, అదే బేస్ ఎఫెక్ట్. పైన వదిలేసిన ఆపిల్ కథకే వెళ్దాం. 2024 మార్చి త్రైమాసికంలో 90.8 బిలియన్లు వచ్చాయి. 2023 మార్చిలో 94.8. ఏడాది పోలికలో 4 శాతం తగ్గుదల. ఆ ఫలితాల సమావేశంలో కంపెనీ ఒక వివరణ ఇచ్చింది. 2022 చివర్లో కోవిడ్ ఆంక్షల వల్ల చైనాలోని జెంగ్‌జౌలో ఐఫోన్ 14 ప్రో, ప్రో మాక్స్ తయారీకి ఆటంకం కలిగింది. డిసెంబర్‌లో దొరకని ఫోన్లను జనం జనవరి నుంచి కొన్నారు, దుకాణాల్లో ఖాళీ అయిన సరుకూ అప్పుడే నిండింది. ఇలా 2023 మార్చి త్రైమాసికానికి ఒక్కసారికి మాత్రమే చేరిన మొత్తం 5 బిలియన్లకు దగ్గరని కంపెనీ అంచనా. అది తీసేస్తే ఆదాయం పెరిగినట్టేనని వారి మాట.

లెక్క వేస్తే ఆ మాట నిజమే. 94.8లోంచి 5 తీస్తే 89.8. దాంతో పోలిస్తే 90.8 అంటే ఒక శాతం పెరుగుదల. 2023లో డిసెంబర్ నుంచి మార్చికి దిగుదల 19 శాతమే ఎందుకుందో కూడా ఇప్పుడు తేలింది. డిసెంబర్ అంకె కొంత తగ్గింది, మార్చి అంకె కొంత ఉబ్బింది. పద్నాలుగో వారం లేకపోతే ఆ దిగుదల ఇంకా చిన్నగా కనిపించేది.

కానీ ఇక్కడ ఆగిపోతే సగం న్యాయమే చేసినట్టు. ఒక సర్దుబాటును ఒప్పుకుంటే, అది తాకే ప్రతి చోటా ఒప్పుకోవాలి. 2023 మార్చిలో కంపెనీ చూపిన తగ్గుదల 3 శాతం, 97.3 నుంచి 94.8కి. ఆ 5 బిలియన్లు తీసేస్తే అప్పటి తగ్గుదల 8 శాతానికి దగ్గర. అంటే 2024 మెరుగ్గా కనిపించాలంటే 2023 ఇంకా బలహీనమైనదని ఒప్పుకోవాలి. అలాగే 2023 డిసెంబర్ త్రైమాసికపు వృద్ధి సరుకు దొరకని త్రైమాసికంతో పోల్చినది కాబట్టి అది తేలికైన పోలిక. వారానికి పది శాతాన్ని నమ్మవద్దన్నది ఇందుకే. ఎక్కువైన వారం బేస్‌ను పెంచింది, దొరకని ఫోన్లు అదే బేస్‌ను తగ్గించాయి. ఒకదాన్నే సరిచేస్తే అంకె రెండో వైపుకు ఒరుగుతుంది.

ఇలాంటి చోట రెండు పనులు చేస్తాను. మొదటిది, డిసెంబర్, మార్చి త్రైమాసికాలను కలపడం. అమ్మకాలు ఒక గడిలోంచి పక్క గడిలోకి జరిగింది ఆ రెండింటి మధ్యే కాబట్టి కలిపితే ఆ ప్రభావం చాలావరకు పోతుంది. ముందటి ఏడాది రెండూ కలిపి 212 బిలియన్లు, తర్వాతి ఏడాది 210.3. ఒక శాతం లోపు తగ్గుదల. ఇక వారాల సంగతి. మొదటిది 27 వారాల మొత్తం, రెండోది 26 వారాలది. వారానికి భాగిస్తే 7.85 నుంచి 8.09కి, అంటే సుమారు 3 శాతం పెరుగుదల. డిసెంబర్‌కు ప్లస్ 2, మార్చికి మైనస్ 4 అని వేర్వేరుగా వచ్చిన రెండు అంకెలకంటే ఈ ఒక్క 3 శాతమే ఆ ఆరు నెలల వ్యాపారానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

రెండోది, పాడైన ఏడాదిని దాటేసి రెండేళ్ల వెనక్కి చూడడం. 2022 మార్చిలో 97.3, 2024 మార్చిలో 90.8. రెండేళ్లలో దాదాపు 7 శాతం తగ్గుదల. మధ్యలో ఉన్న 2023 ఈ లెక్కలోకి రానే రాదు, కాబట్టి దాని ఐదు బిలియన్ల గురించి ఎవరితోనూ వాదించనక్కర్లేదు. దీనికీ హద్దుంది. 2022 కూడా మామూలు ఏడాది కాకపోతే ఇంకా వెనక్కి వెళ్లాలి. డాలర్ మారకపు విలువ మారడం వల్ల వచ్చే తేడా కూడా ఈ అంకెలో కలిసే ఉంటుంది.

### ఇంకో కంపెనీని కొన్నప్పుడు ఏ పోలిక ఎక్కువ మోసం చేస్తుంది?

ఏడాది పోలిక, అదీ ఏడాది పొడుగునా. కొన్న త్రైమాసికంలో ఆదాయం ఒక్క మెట్టు పైకి లేస్తుంది. త్రైమాసిక పోలికలో అది ఒకసారి కనిపిస్తుంది, త్రైమాసికం మధ్యలో కొంటే రెండుసార్లు. ఆ పెద్ద మెట్టు ఏడాది పోలికలో మాత్రం బయటికి వెళ్లేదాకా నాలుగు త్రైమాసికాలూ ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్ 13న యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలును పూర్తి చేసింది. డిసెంబర్ త్రైమాసికంలో ఎక్స్‌బాక్స్ కంటెంట్, సేవల ఆదాయం 61 శాతం పెరిగింది. అందులో 55 శాతం పాయింట్లు ఈ కొనుగోలు వల్లేనని కంపెనీయే చెప్పింది. అంటే సొంతంగా పెరిగింది 6 పాయింట్లే. తర్వాతి మూడు త్రైమాసికాల్లోనూ వృద్ధి 60 శాతం పైనే నడిచింది. ఏడాది నిండాక, 2024 డిసెంబర్ త్రైమాసికంలో 2 శాతానికి వచ్చింది. అరవై నుంచి రెండుకు పడినప్పుడు వ్యాపారం కుప్పకూలలేదు, కొనుగోలు మెట్టు లెక్కలోంచి వెళ్లిపోయింది, అంతే. కొనుగోళ్లు తీసేసి చూపే అంకెను ఆర్గానిక్ గ్రోత్ అంటారు. కంపెనీ దాన్ని ఇస్తే ముందుగా అదే చదవండి. ఇవ్వకపోతే, కొన్న తేదీని గుర్తుపెట్టుకుని ఆ ఏడాది అంతా వృద్ధి శాతాన్ని అనుమానంగానే చూడండి.

### లాభాలకూ ఇదే వర్తిస్తుందా?

వర్తిస్తుంది, కాకపోతే లాభాల శాతాలు ఇంకా పెళుసు. పోయినేడు లాభం 2, ఈ ఏడు 10 అయితే 400 శాతం వృద్ధి. ఆ శాతం చెప్పేది ఈ ఏటి గొప్పతనం కాదు, పోయినేటి చిన్నతనం. నష్టం నుంచి లాభానికి వచ్చినా, నష్టం తగ్గినా శాతానికి అర్థమే లేదు. అక్కడ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి తేడాను డబ్బులోనే చెప్పాలి. ఆస్తి అమ్మకం, కోర్టు తీర్పు, పన్ను వాపసు లాంటి ఒక్కసారి పద్దులు లాభంలో పడితే, ఆ త్రైమాసికమే కాక మరుసటి ఏడాది అదే త్రైమాసికం కూడా చెడుతుంది. అప్పుడు అది బేస్ అవుతుంది కాబట్టి.

### త్రైమాసిక వృద్ధిని నాలుగుతో హెచ్చవేసి ఏడాది వృద్ధి అనొచ్చా?

హెచ్చవేయకూడదు, చక్రవడ్డీలా లెక్కించాలి. త్రైమాసికానికి 5 శాతం చొప్పున నాలుగుసార్లు పెరిగితే 20 కాదు, 21.5 శాతానికి పైనే. అదీ నాలుగు మెట్లూ ఒకేలా ఉంటేనే. సీజన్ ఉన్న కంపెనీకి ఈ లెక్క అసలు వద్దు. ఆపిల్ డిసెంబర్ ఆదాయాన్ని నాలుగుతో హెచ్చవేసి వార్షికాదాయం అంటే ఎంత తప్పుతుందో పైన అంకెలే చెబుతున్నాయి.

### ఆర్థిక సంవత్సరపు చివరి త్రైమాసికంలో త్రైమాసిక పోలికను నమ్మవచ్చా?

కొంచెం జాగ్రత్తగా. చాలా చోట్ల ఆఖరి మూడు నెలల అంకెను విడిగా ఆడిట్ చేయరు. ఆడిట్ అయిన ఏడాది మొత్తంలోంచి మొదటి తొమ్మిది నెలలను తీసేస్తే మిగిలేదే అది. ఆడిటర్లు ఏడాదికంతటికీ కలిపి చేసిన దిద్దుబాట్లు, రానిబాకీలకు పక్కన పెట్టిన మొత్తాలు, సరుకు విలువ సవరణలు ఆ మూడు నెలల మీదే పడవచ్చు. ఆదాయం మామూలుగా ఉండి లాభం మాత్రం ఆఖరి త్రైమాసికంలో ఏటా తూలుతుంటే, ముందుగా చూడాల్సిన చోటు ఇదే.

### కంపెనీ తనకు అనుకూలమైన పోలికనే ముందు పెడుతుందేమో ఎలా కనిపెట్టాలి?

పాత ప్రకటనలు తెరిచి చూడండి. చివరి నాలుగైదు త్రైమాసికాల ప్రకటనల్లో మొదటి వాక్యం ఏ పోలికతో మొదలైందో రాసుకోండి. ఎన్‌విడియా లాంటి కంపెనీలు ముందటి త్రైమాసికంతోనూ, ఏడాది క్రితంతోనూ రెండు శాతాలనూ మొదటి వాక్యంలోనే ఇస్తాయి. అలాంటప్పుడు అనుమానానికి చోటు తక్కువ. ఎప్పుడూ ఏడాది పోలికనే ఇచ్చే కంపెనీ ఉన్నట్టుండి ముందటి త్రైమాసికం కంటే ఇంత పెరిగాం అని మొదలుపెడితే, ఏడాది అంకె బాగాలేదని అనుకోవచ్చు. అప్పుడు వెంటనే కింది పట్టికకు వెళ్లి ఆ అంకెను మీరే లెక్కకట్టండి. శీర్షికలో లేని శాతం కూడా పట్టికలో ఉన్న మూడు మొత్తాల నుంచి వస్తుంది: ఈ త్రైమాసికం, ముందటి త్రైమాసికం, ఏడాది క్రితం త్రైమాసికం. ముందటిది ఆ పట్టికలో లేకపోతే, మూడు నెలల కిందటి ప్రకటనలో దొరుకుతుంది.